మాస్టారు మాట్లాడలేదు

షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు షుగరు పెరిగితే ప్రమాదమని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తగ్గితే ఏమవుతుందని అడిగి చూడండి. "చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఆకలేస్తుంది" అని ఠక్కున చెబుతారు. నిజమే. కాని ఆ వణుకూ దడా ఏవీ లేకుండా, మనిషి ఊరికే మాట తగ్గించేసి ఒక మూల కూర్చుంటే, అది షుగరు పడిపోవడమని మీకు తడుతుందా? మీ ఇంట్లో అరవై దాటిన షుగరు మనిషి ఉంటే ఈ వారం ఈ పేజీ కాస్త ఓపిగ్గా చదవండి. ఇది మా వీధిలో టీకొట్టతను నాకు చెప్పిన కథ. జబ్బు కనిపెట్టింది అతనే. నేను చేసింది ఆ తరవాతి వైద్యం మాత్రమే.

మాది తెనాలి. మా ఆసుపత్రికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ఆ కొట్టు ఉంది. ఒక పొయ్యి, రెండు బెంచీలు, గాజు సీసాల్లో బిస్కెట్లు, అంతే. మాస్టారు అక్కడికి రోజూ సాయంత్రం నాలుగున్నరకు వస్తారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డెబ్బయి రెండేళ్ళు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు, ఇంట్లో ఆయనా, భార్యా ఇద్దరే. కొట్టు మెట్టు ఎక్కుతూనే "ఒరేయ్, పంచదార లేకుండా" అనడం, బెంచీ మీద ఎవరో నలిపేసిన పేపరు చూసి "పేపరు చదవడం కూడా రాదర్రా మీకు" అని కోప్పడడం, టీ తాగి చిల్లర లెక్కపెట్టి పైసాతో సహా ఇవ్వడం ఆయన అలవాటు. ఆ కోప్పడడం లేకపోతే తన కొట్టుకు పొద్దు గడవదని టీకొట్టతను అంటుంటాడు.

2023 కార్తీకమాసంలో ఒక సోమవారం మాస్టారు వచ్చారు. "రండి మాస్టారూ" అన్నాడతను. జవాబు లేదు. పంచదార లేకుండా అనలేదు. పేపరు చేతిలోకి తీసుకోలేదు. ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా, పొయ్యి పొగ కొట్టే వైపు కూర్చున్నారు.

"ఏం మాస్టారూ, ఇయ్యాల మాటే లేదు? ఉపాసమా?"

మాస్టారు అతని వైపు చూశారు. కాసేపాగి "ఊఁ" అన్నారు.

ఆ బెంచీ మీద ఇంకా నలుగురున్నారు. ఒకాయన "ఉపవాసం కదా, నీరసం" అన్నాడు. ఇంకొకాయన "ఇంట్లో అమ్మగారితో ఏదో అయ్యుంటుంది" అని నవ్వాడు. టీకొట్టతను నవ్వలేదు. టీ ఇవ్వకముందే మాస్టారు జేబులోంచి వంద నోటు తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారట, అదేమిటో తెలియనట్టుగా. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి! చలికాలం, ఎండ దిగిపోయిన వేళ, చొక్కా వీపు మాత్రం తడిసి అంటుకుపోయి ఉంది. అతని తల్లి షుగరు మనిషి. ఆమె కూడా ఒకసారి ఇలాగే మాట్లాడకుండా కూర్చుని, చూస్తూండగానే పడిపోయింది. ఆ జ్ఞాపకం అతన్ని కదిలించింది.

కథను ఇక్కడ కాస్త ఆపి, మాస్టారి ఒంట్లో ఆ సమయంలో ఏం జరుగుతున్నదో చెబుతాను.

మన మెదడు నడిచేది ముఖ్యంగా గ్లూకోజుతో. ఒక మనిషి మెదడు రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చు చేస్తుంది. తనకంటూ నిల్వ చేసుకునేది దాదాపు లేదనే చెప్పాలి. రక్తం ఎప్పటికప్పుడు తెచ్చి ఇవ్వవలసిందే. రక్తంలో గ్లూకోజు 70 కంటె దిగిందంటే శరీరం గంట కొడుతుంది. గుండె దడ, వణుకు, చెమట, ఆకలి ఆ గంటే. ఆ గంటను పట్టించుకోక ఇంకా దిగి 54 కంటె తగ్గితే, అప్పుడు మెదడుకే కరువు వస్తుంది. మాట తగ్గడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, తెలిసిన పని తెలియనట్టు చేయడం, లేనిపోని మొండితనం, తూలడం దాని గుర్తులు. ఆ తరవాతవి ఫిట్సు, స్పృహ తప్పడం.

మామూలుగా గంట ముందు మోగుతుంది, మెదడు కరువు తరవాత వస్తుంది. కాని పెద్ద వయసువాళ్ళలో, చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళలో, తరచు షుగరు పడిపోయేవాళ్ళలో ఆ గంట నానాటికీ బలహీనమవుతుంది. బి.పి.కి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు, ఎటినలాల్, మెటొప్రొలాల్ లాంటివి, దడనూ వణుకునూ కప్పిపెడతాయి. చెమటను మాత్రం కప్పలేవు. మాస్టారు మెటొప్రొలాల్ వాడుతున్నారు. అందుకే ఆయనకు వణుకు రాలేదు. తడిసిన చొక్కా, మూగబోయిన నోరు, ఈ రెండే మిగిలాయి. ఇలాంటి మనిషిని చూసి చుట్టుపక్కలవాళ్ళు అలిగాడనీ, వయసు మీద పడిందనీ, ఇంకా దారుణం, తాగివచ్చాడనీ అనుకుంటారు. రోడ్డు పక్కన తూలుతున్న షుగరు మనిషిని తాగుబోతని వదిలేసి వెళ్ళడం మనకు కొత్త కాదు.

మళ్ళీ కొట్టు దగ్గరకు వద్దాం. టీకొట్టతను మొదట మాస్టారి ఎదుట నిలబడి "మాస్టారూ, ఒకసారి నవ్వండి" అన్నాడు. మూతి ఒక పక్కకు లాగలేదు. "చేతులు రెండూ ఎత్తండి" అంటే నెమ్మదిగానే అయినా రెండూ సమానంగా లేచాయి. పక్షవాతానికి చేసే పరీక్ష ఇది, మా గోడ మీద అంటించిన బొమ్మ చూసి నేర్చుకున్నాడట. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా నోట్లో ఏమీ పోయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపవలసిందే. షుగరు బాగా పడిపోయినప్పుడు కూడా అచ్చు పక్షవాతంలాగే ఒక పక్క చచ్చుబడిన సందర్భాలుంటాయి. అందుకే ఆసుపత్రిలో ఏ పక్షవాతం మనిషికైనా ముందు వేలి చివర రక్తపు చుక్క తీసి షుగరు చూస్తారు. అది డాక్టరు తేల్చుకునే సంగతి. దారిలో మీరు తేల్చుకుంటూ కాలం పోగొట్టకండి.

తరవాత అతను గ్లాసులో టీ పోయలేదు. ఇది చాలా తెలివైన పని. షుగరు తగ్గినవాడికి తియ్యటి టీ ఇవ్వడం మనవాళ్ళ అలవాటు. కాని వేడి టీ గబగబా తాగలేరు, ఊదుకుంటూ పది నిమిషాలు గడుపుతారు. పాలలోని కొవ్వు వల్ల అది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. పైగా చిన్న గ్లాసు టీలో పంచదార సాధారణంగా సరిపడా ఉండదు. లడ్డూ, చాక్లెటు లాంటివి కూడా నేయీ కొవ్వూ ఉండబట్టి ఆలస్యంగానే పనిచేస్తాయి. అప్పటికప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజో, పంచదారో. అంటే టీ చెంచాతో మూడు చెంచాలు, నిండుగా. అరగ్లాసు మామూలు నీళ్ళలో కలిపితే చాలు.

అతను అదే కలిపాడు. కాని మాస్టారు తాగనన్నారు. "షుగరు" అన్నారు. కాసేపాగి "ఉపవాసం" అన్నారు. గ్లాసును తోసేశారు కూడా. మెదడుకు గ్లూకోజు చాలనప్పుడు వచ్చే మొండితనం ఇది. ఆ సమయంలో వాదన పనికిరాదు, కారణాలు చెబితే అర్థం చేసుకునే స్థితిలో ఆయన లేరు. టీకొట్టతను గొంతు తగ్గించి, "శివాలయం తీర్థం మాస్టారూ, కాదనకూడదు" అన్నాడు. మాస్టారు కళ్ళకద్దుకుని మొత్తం తాగేశారు. ఆ అబద్ధానికి పాపం అంటదని నా నమ్మకం.

ఒక్క షరతు గుర్తుంచుకోండి. మనిషి కూర్చుని, పిలిస్తే పలికి, గుటక వేయగలిగితేనే నోటిద్వారా ఇవ్వాలి. స్పృహ లేనివాడి నోట్లో పంచదార నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. షుగరుతో పోవలసిన ప్రాణం కాస్తా ఊపిరాడక పోతుంది. అలాంటివాణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వాళ్ళు గ్లూకోజును నరంలోకి ఇస్తారు.

కుర్రాడు పరుగెత్తుకొచ్చి చెబితే నేను మిషను పట్టుకుని వెళ్ళాను. అప్పటికి పంచదార నీళ్ళు తాగి పది నిమిషాలయింది. రక్తంలో షుగరు 58 ఉంది. తాగకముందు ఎంతకు దిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంకో ఐదు నిమిషాలాగి మళ్ళీ మూడు చెంచాలు ఇప్పించాను. పదిహేను నిమిషాలకు 86కు వచ్చింది. "ఏరా, ఈ పేపరేమిటి ఇలా నలిపారు?" అన్నారు మాస్టారు. కొట్టంతా ఊపిరి పీల్చుకుంది. ఇంటి నుంచి కొట్టు దాకా ఎలా నడిచివచ్చారో మాత్రం ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు.

ఇక ఆయన లేచి ఇంటికి బయలుదేరారు. "బాగానే ఉన్నానుగా డాక్టరుగారూ. ఇంటికెళ్ళి నక్షత్రాలు చూసి భోంచేస్తాను." నేను వదలలేదు. నేటి కథలో ముఖ్యమైన భాగం ఇదే.

మాస్టారు ఉదయం ఏడింటికి ఎప్పటిలాగే మాత్ర వేసుకున్నారు. అది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. ఆ తరవాత పంచదార లేని కాఫీ, మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు ఇంతగా పడిపోవడం చాలా అరుదు. గ్లిమెపిరైడ్ సంగతి వేరు. అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది. మీరు అన్నం తిన్నారా, పస్తున్నారా అని అది చూడదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ అనేవి కూడా ఈ కుటుంబానివే. వీటి ప్రభావం ఇంచుమించు ఒక రోజంతా ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మందు బయటకు పోవడం ఆలస్యమై ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. మనం తాగించిన పంచదార మాత్రం గంటా గంటన్నరలో ఖర్చయిపోతుంది. ఆ తరవాత? మందు ఇంకా పిండుతూనే ఉంటుంది. అప్పుడు షుగరు రెండోసారి పడుతుంది. ఈ రెండోసారి ఎక్కువగా రాత్రి నిద్రలో వస్తుంది. మాట తగ్గిందని గమనించడానికి అక్కడ టీకొట్టు ఉండదు.

మాస్టారి భార్యకు కబురు పెట్టి, ఆయన్ని మా ఆసుపత్రిలోనే పడుకోబెట్టాను. చుక్కలు చూసి, ఇంటి నుంచి వచ్చిన అన్నం, పప్పు తిన్నారు. ఏడున్నరకు షుగరు 132. "చూశారా, అనవసరంగా పట్టుకున్నారు" అన్నారు. తొమ్మిదిన్నరకు 91. పదకొండున్నరకు, కడుపునిండా తిన్న మనిషికి, 56. అప్పుడాయన నిద్రపోతున్నారు. నర్సు లేపితే కళ్ళు తెరిచి చూశారే గాని మాట్లాడలేదు. గ్లూకోజు సెలైను పెట్టి తెల్లవారేదాకా గంటకోసారి చూస్తూ వచ్చాము. మర్నాడు మధ్యాహ్నానికి గాని అంకె స్థిరపడలేదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది. అంటే మూత్రపిండాలు సగానికి పైగా పని తగ్గించాయన్నమాట. అది ఆయనకు తెలియదు, ఎప్పుడూ చూపించుకోలేదు.

ఇంకొక అంకె ఉంది. మూడునెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బి ఎ1సి పరీక్ష 6.1 ఉంది. కిందటిసారి ఈ అంకె చూసి ఇంటిల్లిపాదీ సంతోషించారట, కొడుకు ఫోనులో మెచ్చుకున్నాడట. నడివయసు మనిషికైతే నేనూ మెచ్చుకునేవాణ్ణే. కాని డెబ్బయి దాటి, మూత్రపిండాలు బలహీనంగా ఉండి, పిండే మాత్ర వేసుకుంటున్న మనిషికి 6.1 వస్తే, మధ్యమధ్య అతని షుగరు ఎవరికీ తెలియకుండా కిందికి దిగుతోందేమోనని అనుమానించాలి. అలాంటివారికి ఏడున్నర, ఒక్కొక్కరికి ఎనిమిది దాకా ఉన్నా మేము కంగారు పడం. మాస్టారికి గ్లిమెపిరైడ్ పూర్తిగా మాన్పించాను. క్రియాటినిన్ అంత ఉన్నందున మెట్‌ఫార్మిన్ కూడా ఆపి, మూత్రపిండాలకు ఇబ్బంది లేని లినాగ్లిప్టిన్ ఒక్కటే ఇచ్చాను. ఇప్పుడు 7.4 ఉంటోంది. ఇది చదివి మీ అంతట మీరు మాత్రలు మానేయకండి. మాత్రల అట్టను డాక్టరుకు చూపించి, "ఇందులో పిండే మందు ఉందా? నా క్రియాటినిన్‌కు ఇది తగునా?" అని అడగండి.

ఉపవాసాల గురించి కూడా అడగండి. నేను ఉపవాసాలకు విరోధిని కాను. ఏకాదశో, కార్తీక సోమవారమో, రంజాన్ నెల రోజానో ఉండదలచుకుంటే వారం రోజుల ముందే డాక్టరుతో మాట్లాడితే, ఆ రోజుకు పిండే మాత్రను ఆపడమో తగ్గించడమో, వేళ మార్చడమో చెబుతారు. ఇన్సులిన్ మోతాదు కూడా అంతే. ఉపవాసం మధ్యలో షుగరు 70 కంటె తగ్గితే ఉపవాసం అక్కడితో ముగించాలి. వేలు గుచ్చి చూసుకుంటే ఉపవాసం చెడదు, ఆ భయం వద్దు.

ఇదంతా అయ్యాక ఒకనాడు టీకొట్టతను నా దగ్గరకు ఒక మాత్రల అట్ట తెచ్చాడు. పక్కవీధి దర్జీది. "ఈయనక్కూడా షుగరంట సార్. ఈయన మూగబోతే మూడు చెంచాలేనా?" అని అడిగాడు. అట్ట తిప్పి చూస్తే అందులో మూడో మందు కూడా ఉంది, వోగ్లిబోస్. ఈ పేరు మీ అట్ట మీద ఉందేమో ఇప్పుడే చూసుకోండి. వోగ్లిబోస్ గాని, ఎకార్బోస్ గాని పేగుల్లో పంచదార విరిగి గ్లూకోజుగా మారడాన్ని అడ్డుకుంటాయి. వాటి పనే అది. కాబట్టి ఈ మందు వాడేవాడికి షుగరు పడిపోయినప్పుడు పంచదార నీళ్ళు ఇస్తే, అవి పేగుల్లోనే ఉండిపోయి చాలా ఆలస్యంగా పనిచేస్తాయి. అతనికి కావలసింది విరగవలసిన పని లేని గ్లూకోజు పొడి. మందుల షాపులో అడిగితే ఇస్తారు. దానిది 15 గ్రాములు ఇస్తే, పంచదార చేయలేని పని అది చేస్తుంది.

"అయితే గ్లూకోజు అందరికీ పనికొస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. అతనిప్పుడు బిస్కెట్ల సీసాల పక్కన గ్లూకోజు పొట్లం ఒకటి పెట్టుకున్నాడు. పొడి గాలి తగిలితే గడ్డకడుతుంది గనుక మూత బిగువుగా ఉండే డబ్బాలో పోసుకోమని, పొట్లం మీద ఉన్న తేదీ దాటితే మార్చమని చెప్పాను. దర్జీ దగ్గర కూడా కుట్టుమిషను సొరుగులో అలాంటిదే చిన్న డబ్బా ఉంది. మాత్రల పేర్లు రాసిన చీటీ ఒకటి దాని మూతకే అంటించుకున్నాడు.